‘ఇదిగో, ఇక్కడ చూడండి’: ఒక సదస్సు ప్రసంగం పరిశోధన వ్యాసంగా మారే క్రమం

గుంటూరులో జరిగిన ఒక చరిత్ర సదస్సులో నా పూర్వ విద్యార్థిని ఒకామె తొలి తెలుగు మాటగా చెప్పుకునే, అమరావతి శాసనాల్లోని ‘నాగబు’ గురించి 20 నిమిషాలు ప్రసంగించింది. ఇప్పుడామె ఒక డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధిస్తోంది. సభ ఆ ప్రసంగాన్ని మెచ్చుకుంది. ఫోన్‌లో రికార్డు చేసిన మాటలను ఆమె దగ్గర చదువుకునే కుర్రవాడు విని టైపు చేసి ఇస్తే 11 పేజీలయ్యాయి. ఆ కాగితాలు తీసుకుని బ్రాడీపేటలోని మా ఇంటికి వచ్చి, “మాస్టారూ, విషయమంతా ఇందులోనే ఉంది, భాష కొంచెం దిద్ది, కింద ఫుట్‌నోట్లు చేరిస్తే జర్నల్‌కు పంపేయవచ్చు కదండీ?” అని అడిగింది. తర్వాత నాలుగు నెలలపాటు మేమిద్దరం దాని మీద కూర్చున్నాం. చివరికి పంపిన వ్యాసంలో ఆ 11 పేజీల నుంచి యథాతథంగా మిగిలిన వాక్యాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అలా ఎందుకు జరుగుతుందో, ఏది పోతుందో, ఏది కొత్తగా వచ్చి చేరాలో ఆ ఒక్క ప్రసంగాన్నే ఆధారంగా తీసుకుని చెప్పడానికి ప్రయత్నిస్తాను.

వేదిక మీద మాట్లాడేటప్పుడు వాదంలో కొంత భాగాన్ని మాటలు మోస్తాయి, మిగతా భాగాన్ని తెర మీది బొమ్మ, చూపించే వేలు, గొంతులోని ఒత్తు, ఎదురుగా కూర్చున్నవారికి వక్త మీద ఉన్న నమ్మకం మోస్తాయి. టైపు చేసిన ప్రతిలో మాటలు మాత్రమే మిగులుతాయి. ప్రసంగం విన్న మనిషి ఆ ప్రతిని చదివితే తక్కినవన్నీ జ్ఞాపకం నుంచి తెచ్చుకుని పూరించుకుంటాడు కాబట్టి అతనికి లోటు కనిపించదు. ప్రసంగించిన మనిషికి అసలే కనిపించదు. అందుకే ముందుగా నేను చేయించిన పని దిద్దుబాటు కాదు. అసలు ప్రతిని తాకకుండా పక్కన పెట్టి, దాని నకలులో ప్రతి వాక్యానికీ సంఖ్య వేయించి, ఆ వాక్యం చేస్తున్న పని ఏమిటో మార్జిన్‌లో ఒక్క మాటలో రాయమన్నాను. అది వాదమా, ఆధారమా, నేపథ్యమా, కథా, సభామర్యాదా, లేక బొమ్మను చూపించడమా అన్నది తేలాలి. రెండు సాయంత్రాల్లో ఆ పని పూర్తయింది. 11 పేజీల్లో వాదం అని రాసిన వాక్యాలు తొమ్మిది మాత్రమే ఉన్నాయని, ఆ తొమ్మిదింటిలోనూ నాలుగు ఒకే సంగతిని వేర్వేరు మాటల్లో చెబుతున్నాయని ఆమే కనుగొంది. వినేవారికి ఆ పునరుక్తి అవసరం. చదివేవారు వెనక్కి పేజీ తిప్పుకోగలరు కనుక వారికి ఒక్కసారి చెబితే సరిపోతుంది.

రికార్డింగును మళ్లీ వింటూ ప్రతిని సరిచూడడం కూడా ఈ దశలోనే జరగాలి. మా ప్రతిలో బ్రాహ్మీ శాసనాల జాబితా కూర్చిన పండితుడు లూడర్స్ పేరు మూడు చోట్ల ‘లీడర్స్’ అని పడింది. ఇలాంటి తప్పు కంటికి ఆనుతుంది గనుక ప్రమాదం తక్కువ. ఒక చోట మాత్రం వక్త “తెలుగు ప్రత్యయం కావచ్చు” అంటే, ‘కావచ్చు’ చప్పట్లలో కలిసిపోయి “తెలుగు ప్రత్యయం” అని మిగిలింది. ఆ ఒక్క మాట జారిపోతే సందేహం నిర్ధారణగా మారిపోతుంది.

తొలి తెలుగు మాట అంటే ఏది తొలి

ఇక అసలు చిక్కు చూద్దాం. టైపు ప్రతిలో ఆరో పేజీలో ఉన్న భాగం ఇది: “ఇదిగో, ఇక్కడ చూడండి, ఈ మూడక్షరాలు, నా, గ, బు. ఇది ప్రాకృతం కాదండీ, ఇది మన మాట. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు ఎప్పుడో చెప్పారు ఇది. రెండు వేల ఏళ్ల కిందటే మన కృష్ణ ఒడ్డున తెలుగు ఉందని చెప్పే తొలి సాక్ష్యం ఇది. అంటే మొట్టమొదటి తెలుగు శాసనం మన అమరావతిదే.” ఇక్కడ చప్పట్లు పడ్డాయని ప్రతిలో కుర్రవాడు జాగ్రత్తగా రాశాడు కూడా.

ఈ అయిదు వాక్యాలను విడదీసి చూస్తే కనీసం అయిదు వేర్వేరు ప్రతిపాదనలు కనిపిస్తాయి. రాతి మీద ఉన్నవి ఆ మూడక్షరాలే అన్నది ఒకటి. అవి మూడూ కలిసి ఒక పూర్తి పదం అన్నది రెండోది. ఆ పదం ప్రాకృతం కాదు, తెలుగు అన్నది మూడోది. అది రెండు వేల ఏళ్ల నాటిది అన్నది నాలుగోది. కాబట్టి అది తొలి తెలుగు శాసనం అన్నది అయిదోది. వేదిక మీద ఇవన్నీ ఒకే ఊపులో ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ వచ్చాయి, వినేవారు అయిదింటినీ ఒకే ముద్దగా ఒప్పుకున్నారు. వ్యాసంలో ఒక్కొక్కదానికి వేరే రకం ఆధారం కావాలి, ఆ ఆధారాల బలం కూడా సమానంగా ఉండదు.

అయిదోదాన్ని మొదట తేల్చుకున్నాం. ఒక శాసనంలో తెలుగు మాట ఉండడం వేరు, ఆ శాసనం తెలుగు శాసనం కావడం వేరు. అమరావతి శాసనాల భాష ప్రాకృతం. అందులో ఒక తెలుగు పదం దొరికిందని పూర్తిగా ఒప్పుకున్నా అది ప్రాకృత శాసనమే అవుతుంది. వాక్యాలతో కూడిన తొలి తెలుగు శాసనాల మాట వస్తే, కడప సీమలోని కలమళ్లలో దొరికిన రేనాటి చోళ రాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనాన్ని, సుమారు 575 నాటిదిగా, పండితులు సాధారణంగా పేర్కొంటారు. అంటే ఆమె చివరి వాక్యం సభలో ఎవరూ అడ్డు చెప్పకపోయినా సమీక్షకుల ముందు ఒక్క నిమిషం కూడా నిలవదు. దాన్ని తీసేయమని చెప్పినప్పుడు ఆమె ముఖం చిన్నబోయింది. ఆ వాక్యం కోసమే ప్రసంగం అల్లుకుంది మరి. కానీ దాన్ని తీసేస్తేనే మిగతా నాలుగూ ఊపిరి పీల్చుకుంటాయి.

మూడో ప్రతిపాదన దగ్గర విషయం ఇంకా సున్నితంగా ఉంటుంది. ‘నాగ’ అనేది సంస్కృత ప్రాకృతాల్లో ఉన్న మాట. మనం తెలుగు అనడానికి కారణం చివరి ‘బు’. పాత తెలుగులో నపుంసక నామాలకు చేరే ‘ంబు’, ‘ము’ ప్రత్యయాలతో, అంటే నాగంబు, నాగము వంటి రూపాలతో, దాన్ని పోల్చుతున్నాం. కాబట్టి ఉన్న ఆధారం ‘ఒక తెలుగు మాట దొరికింది’ అనడానికి కాకుండా ‘అరువు తెచ్చుకున్న పదానికి తెలుగు ప్రత్యయం చేరిన రూపం దొరికిందని చెప్పవచ్చు’ అనడానికి సరిపోతుంది. వినడానికి ఇది చిన్న సంగతిలా ఉంటుంది. నిజానికి దీని విలువ ఎక్కువ. ప్రత్యయం చేరిందంటే ఆ మాటను వాడినవారి నోట తెలుగు వ్యాకరణం పనిచేస్తోందన్నమాట. వాదాన్ని తగ్గించి చెప్పినప్పుడు అది బలపడడం ఈ పనిలో తరచుగా ఎదురయ్యే అనుభవం.

రెండో ప్రతిపాదనను ప్రసంగం అసలు ముట్టుకోలేదు. దాన్ని బయటికి తెచ్చింది చివరి ప్రశ్నల సమయంలో లేచిన ఒక పెద్దాయన. ఆయన అడిగినది టైపు ప్రతిలో పదకొండో పేజీలో ఇలా ఉంది: “అమ్మాయీ, ఆ మాట అక్కడితో అయిపోయిందని నీకెట్లా తెలుసు? నాగబుద్ధి లాంటి పేరులో ముందు ముక్క కావచ్చు గదా?” ఆమె నవ్వి, సమయం లేదు గనుక తర్వాత మాట్లాడతానంది. బ్రాహ్మీ లిపి శాసనాల్లో పదానికి పదానికి మధ్య ఖాళీ వదలడం సాధారణంగా ఉండదు. అక్షరాల వరుసలో ఎక్కడ విరవాలో చదివేవాడే నిర్ణయిస్తాడు. పేరులో ‘నాగ’, ‘బుద్ధి’ ఉండడం బౌద్ధ క్షేత్రంలో వింతేమీ కాదు. అందుచేత ‘నాగబు’ ఒక పూర్తి పదమన్నది కంటికి కనిపించే వాస్తవం కాదు, అదొక నిర్ణయం, నిర్ణయానికి కారణాలు చెప్పాలి. ఆ అక్షరాల తర్వాత రాయి ఎలా ఉంది, అంచు సహజంగా ముగిసిందా లేక పగిలిందా, ఇంకో అక్షరం జాడ ఉందా, అదే క్షేత్రంలోని ఇతర శాసనాల్లో అలాంటి పేర్లు ఏ రూపంలో కనిపిస్తాయి అన్నవి ఒక్కొక్కటిగా చూపించాలి. ప్రసంగంలో ఒక్క వాక్యం కూడా దక్కని ఈ ప్రశ్న వ్యాసంలో అన్నిటికన్నా పెద్ద విభాగమైంది. ప్రశ్నోత్తరాలు ప్రసంగంలో భాగం కావని టైపు చేయించకుండా వదిలేసేవారు చాలామంది ఉంటారు. నా ఉద్దేశంలో ముందుగా టైపు చేయించవలసినవి అవే.

నాలుగోది కాలం. “రెండు వేల ఏళ్ల కిందట” అన్నది సభలో గుండ్రంగా చెప్పే అంకె. శాసనంలో రాజు పేరో, రాజ్య సంవత్సరమో లేనప్పుడు అక్షరాల ఆకారాన్ని బట్టే కాలం కడతారు, అలా కట్టిన కాలం ఒక సంవత్సరంగా ఉండదు, వంద ఏళ్లో అంతకన్నా ఎక్కువో వెడల్పున్న పరిధిగా ఉంటుంది. ఎవరు, ఏ అక్షరాలను చూసి, ఏ పరిధి చెప్పారో వ్యాసం చెప్పాలి. అభిప్రాయాలు వేర్వేరుగా ఉంటే రెండూ పెట్టాలి.

వరుస మారడం

ఆమె ప్రసంగం కృష్ణ ఒడ్డున దిబ్బతో మొదలై, 1845లో గుంటూరు కమిషనర్ వాల్టర్ ఇలియట్ చేయించిన తవ్వకాల మీదుగా, వాటిలో బయటపడిన శిల్పాలు మద్రాసుకు, అక్కడి నుంచి 1859లో లండన్‌కు ఓడ ఎక్కిన కథ చెప్పి, పన్నెండో నిమిషానికి ‘నాగబు’ దగ్గరికి చేరుకుంది. శ్రోతను కూర్చోబెట్టడానికి అది చక్కని దారి, దానిలో తప్పులేదు. వ్యాసం చదివేవాడు మాత్రం తనకు కావలసింది ఇందులో ఉందో లేదో మొదటి పేజీలోనే తేల్చుకుంటాడు. కనుక ప్రశ్న ముందుకు వచ్చింది, కథ మూడు వాక్యాలకు కుదించుకుపోయింది. హాలుని గాథాసప్తశతిలోని తెలుగు మాటల ప్రస్తావన సభలో అందరికీ నచ్చింది గానీ, అది వేరే వాదం, వేరే ఆధారాలు కావలసిన వాదం. దాన్ని పూర్తిగా తీసి ఇంకో వ్యాసం కోసం దాచుకోమన్నాను.

విభాగాల సంగతికి వస్తే, విజ్ఞానశాస్త్ర జర్నళ్లలో పరిచయం, పద్ధతులు, ఫలితాలు, చర్చ అనే నాలుగు గదుల అమరిక ఉంటుంది. శాసన పరిశోధనకు దాన్ని అలాగే అతికిస్తే ‘ఫలితాలు’ అనే గది ఖాళీగా మిగులుతుంది. మేము చివరికి పరిచయంలో ప్రశ్నను, తర్వాతి విభాగంలో ఇంతకుముందు ఎవరేమన్నారో, ఆ తర్వాత శాసనం భౌతిక స్థితిని, పాఠాన్ని, అటుపై పదవిభజనను, దాని మీద ప్రత్యయ చర్చను, ఆఖరున ఈ వాదం ఎంతవరకు నిలుస్తుందో చెప్పే భాగాన్ని పెట్టాం. పాఠం ఏమిటో తేల్చకముందే అర్థం గురించి మాట్లాడకూడదన్న ఒక్క నియమం నుంచే ఈ వరుస వచ్చింది. విభాగం పేరు రాసి దాని కింద ఏమి పెట్టాలా అని వెతకడం కన్నా, ఏ ప్రతిపాదన దేని మీద ఆధారపడి ఉందో గీసుకుంటే విభాగాలు వాటంతట అవే ఏర్పడతాయి. సంగ్రహం అన్నిటికన్నా చివర రాశాం. సదస్సు సావనీరులో అచ్చయిన సంగ్రహాన్నే వాడుకోవాలని ఆమెకు ఉండేది కానీ, అందులో ‘తొలి తెలుగు శాసనం’ అనే మాట ఉంది.

‘ఎప్పుడో చెప్పారు’ అన్నచోట ఏమి రాయాలి

సభలో “ప్రభాకరశాస్త్రి గారు ఎప్పుడో చెప్పారు” అంటే అందరూ తల ఊపుతారు. వ్యాసంలో ఆ వాక్యం తర్వాత ఏ రచన, ఏ సంచిక, ఏ పుట అన్నది రావాలి. ఆమె చదివింది ప్రభాకరశాస్త్రి గారి మాటలను కాదు, ఆయన అన్నారని రాసిన ఒక పాఠ్యగ్రంథాన్ని. ఆ గ్రంథకర్త ఇంకొకరి నుంచి తీసుకున్నట్టు దాని ఫుట్‌నోట్ చెబుతోంది. చదవని మూలాన్ని చదివినట్టు చూపడం ఈ రంగంలో చాలా మామూలుగా జరిగే తప్పు, పుట సంఖ్యలో ఒక అంకె మారితే ఆ తప్పు వ్యాసం నుంచి వ్యాసానికి అలాగే పాకుతూ పోతుంది. ఒకే తప్పు పుట సంఖ్య మూడు వ్యాసాల్లో కనిపించిందంటే ఎవరూ మూలం చూడలేదని అర్థం. మూలం చేతికి అందేవరకు ఆ వాక్యం దగ్గర ఎర్ర అక్షరాల్లో ‘సంచిక, పుట చూడాలి’ అని పెట్టి ఉంచాం. ఎంత వెతికినా దొరకకపోతే, ఫలానా గ్రంథంలో ఉదహరించినట్టుగా అని నిజాయితీగా రాసి, చదివిన పుస్తకాన్నే ఆధారంగా చూపాలి.

పాత తెలుగు పత్రికల కోసం ఆమె తెనాలి మీదుగా చీరాల వెళ్లి, వేటపాలెం సారస్వత నికేతనంలో రెండు రోజులు కూర్చుంది. అక్కడ ఇంకో చిక్కు తెలిసింది. ఆ కాలపు సంచికల మీద తెలుగు సంవత్సరాల పేర్లు కనిపిస్తాయి. విభవ అంటే 1928 ఉగాది నుంచి 1929 ఉగాది వరకు. అందులో పుష్య మాసపు సంచిక ఏ ఇంగ్లీషు సంవత్సరానిదో నెలను చూసి నిర్ణయించుకోవాలి తప్ప, సంవత్సరం పేరును బట్టి గుడ్డిగా 1928 అని రాయకూడదు. వ్యాసంలో తెలుగు సంవత్సరం, మాసం అచ్చులో ఉన్నట్టే ఇచ్చి, పక్కన ఇంగ్లీషు సంవత్సరం చూపాం.

శాసనాలను ఉదహరించడానికి పుట సంఖ్య కన్నా జాబితా సంఖ్య మేలు. లూడర్స్ జాబితా ఎపిగ్రాఫియా ఇండికా పదో సంపుటానికి అనుబంధంగా వచ్చింది. ఆ సంపుటం 1909-10కి చెందినదైనా అచ్చయింది 1912లో. ప్రసంగంలో 1910 అన్నా ఎవరూ పట్టించుకోరు, ఆధారసూచికలో మాత్రం అచ్చయిన సంవత్సరమే ఉండాలి. అమరావతిలో పులుమావి పేరున్న శాసనాన్ని ‘లూడర్స్ 1912, సంఖ్య 1248’ అని రాస్తే ప్రపంచంలో ఏ మూల ఉన్న పరిశోధకుడైనా నేరుగా దాన్నే చేరుకుంటాడు. మన పేర్ల విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. ఇంగ్లీషు పద్ధతిలో చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుని ముందుకు తెస్తారు. తెలుగులో ఇంటిపేరు ముందే ఉంటుంది కాబట్టి ‘వేటూరి ప్రభాకరశాస్త్రి’ని తిప్పి రాయనవసరం లేదు. జర్నల్ నియమాలు ఏమి చెప్పినా, వ్యాసమంతా ఒకే పద్ధతి పాటించాలి. ఒక చోట వేటూరి అని, ఇంకో చోట శాస్త్రి అని రాస్తే పాఠకుడు ఇద్దరు మనుషులనుకుంటాడు.

ఇప్పుడు ఆరో పేజీలోని ఆ భాగం వ్యాసంలో ఎలా తేలిందో చూడండి: “పటం 2లో చూపిన అక్షరపంక్తిని ఈ వ్యాసం నా-గ-బు అని చదువుతోంది. శాసనంలో పదాల మధ్య విరామచిహ్నం లేనందున ఈ మూడక్షరాలను ఒక పదంగా విభజించడం పాఠనిర్ణయమే తప్ప ప్రత్యక్ష సాక్ష్యం కాదు, దీని హేతువులు నాలుగో విభాగంలో ఉన్నాయి. ఈ విభజనను అంగీకరిస్తే, ‘బు’ను తెలుగు నపుంసక ప్రత్యయానికి పూర్వరూపంగా భావించే అవకాశం ఉంది. ఆ మూడక్షరాలు ఒక వ్యక్తి పేరులో మొదటి భాగమైతే ఈ వాదం నిలవదు.” చప్పట్లు రావు. అయితే ఎవరైనా ఈ వాదాన్ని ఖండించాలంటే ఎక్కడ చెయ్యి పెట్టాలో ఇందులో స్పష్టంగా ఉంది. అవతలి మనిషికి ఆ చోటు చూపించడమే పరిశోధన వ్యాసం పని అని నేను నమ్ముతాను.

చెప్పిన మాటలనే మళ్లీ అచ్చు వేస్తే పునరుక్తి దోషం వస్తుందేమోనని ఆమె భయపడింది. గ్రంథచౌర్యం మీద యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం 10 శాతం వరకు పోలిక ఉంటే చర్య ఉండదు, ఆ పైన 40 వరకు, 60 వరకు, 60 దాటి అని మూడు స్థాయిలున్నాయి. మౌఖిక ప్రసంగం అచ్చు కాదు గనుక దానితో ఇబ్బంది లేదు. సదస్సు సంపుటిలో పూర్తి పాఠం ఇదివరకే అచ్చయి ఉంటే మాత్రం సంపాదకులకు ముందే చెప్పాలి, చాలా జర్నళ్లు అలాంటి వ్యాసాన్ని తీసుకోవు. ఆమెది సావనీరులో సంగ్రహం మాత్రమే వచ్చింది. అందుకే మొదటి పేజీ అడుగున ఒక్క వాక్యం చాలింది: ఈ వ్యాసపు తొలి రూపం గుంటూరు సదస్సులో మౌఖికంగా సమర్పించబడింది, అప్పటి నిర్ధారణలు కొన్ని ఇక్కడ సవరించబడ్డాయి.

మిగిలింది బొమ్మ. సభలో తెర మీద చూపిన ఫోటో ఒక పుస్తకం నుంచి ఫోన్‌తో తీసి, మూడక్షరాలు మాత్రమే కనిపించేలా కత్తిరించినది. అక్షరాల తర్వాత రాయి ఎలా ఉందన్నదే ఇప్పుడు ప్రశ్న కాబట్టి ఆ కత్తిరించిన బొమ్మ పనికిరాదు. అది వాదానికి కీలకమైన అంచునే తీసేసింది. పలక మొత్తం కనిపించే ఫోటో, పక్కన సెంటీమీటర్ల కొలబద్ద, శాసనం మీద కాగితం అద్ది తీసిన ఎస్టాంపేజి, మ్యూజియం రిజిస్టరులో దాని సంఖ్య, అచ్చు వేయడానికి అనుమతి ఇవన్నీ కావాలి. మ్యూజియానికి ఉత్తరం రాశాం. ప్రశ్న అడిగిన పెద్దాయనకు కూడా, కృతజ్ఞతల్లో ఆయన పేరు వేయవచ్చా అని అడుగుతూ, ఆమె ఇంకో ఉత్తరం రాసింది. వారంలోనే ఆయన కార్డు వచ్చింది. పేరు వేసుకోమని, అయితే ముందు పటం 2 కాపీ తనకు పంపితే ఆ అంచు చూసి తన సందేహం తీరిందో లేదో చెబుతానని అందులో రాశారు. మ్యూజియం నుంచి ఫోటో వచ్చేదాకా పటం 2 కింద ‘రిజిస్టరు సంఖ్య’ అన్నచోట ఎర్ర అక్షరాలు అలాగే ఉన్నాయి.